తొమ్మిదో బొమ్మ

"తలుపు తీస్తావా, మీ బావని పిలిచి గడియ ఊడగొట్టించమంటావా?"

అక్క మూడోసారి తలుపు బాదింది. లోపల ఉలుకూ లేదు, పలుకూ లేదు. అంతకుముందు ఒక్క కేక మాత్రం వినిపించింది. ఆ కేకకి అక్క కుట్టుమిషన్ మీద చెయ్యి జారి, ఎవరి జాకెట్టుకో పట్టిన చంకపట్టీ వంకరపోయింది.

అక్కాచెల్లెళ్ళ మధ్య వారంగా మాటల్లేవు. గడియ ఊడగొట్టే బెదిరింపుతో మళ్ళీ మాటలు మొదలయ్యాయన్నమాట. వీళ్ళ రాజీలన్నీ ఇలాగే ఉంటాయి.

గడియ తీసిన చప్పుడైంది. ఉడత గుమ్మంలో నిలబడింది. చిన్నప్పుడు ఒక్కచోట కాలు నిలవని పిల్లని ఇంట్లో అందరూ ఉడత అనేవాళ్ళు. ఇప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళొచ్చి, డాక్టరేటు చివరి మెట్టు మీద ఉన్నా ఆ పేరు వదల్లేదు. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"ఏమైందే?"

"పోయింది అక్కా."

"ఎవరు?" అంది అక్క.

"మనిషి కాదు. ఫైలు. తొమ్మిదో బొమ్మ."

అక్క ఊపిరి పీల్చుకుంది. ఆ వెంటనే ఒళ్ళు మండింది. "దానికా ఆ కేక! నేనింకా ఎవరో..." అంటూ ఉడత కళ్ళు చూసి ఆగిపోయింది. ఆ కళ్ళు ఏడవడం లేదు. ఏడ్చే దశ దాటిపోయినట్టున్నాయి.

గదిలో మంచం మీద కాగితాలు, కిటికీలో ఎండిపోయిన టీ మరకల కప్పులు. బల్ల మీద ల్యాప్‌టాప్‌లో పోయిన ఫైళ్ళు వెతికే సాఫ్ట్‌వేర్ ఏదో నడుస్తోంది. పేర్లు వరసగా వస్తున్నాయి. ఉడత ఒక పేరు మీద నొక్కింది. నల్లటి గడి తెరుచుకుంది. ఇంకో పేరు మీద నొక్కింది. మళ్ళీ నలుపే.

"పేర్లు దొరుకుతున్నాయి. లోపల ఏమీ లేదు," అంది.

"నాకర్థమయ్యేలా చెప్పు."

ఉడత కుర్చీలో కూలబడింది. ఒక మనిషికి చెప్పాలంటే తను చేసిన వెధవ పని మొత్తం మళ్ళీ చెయ్యాలి. చెప్పింది.

థీసిస్ పరీక్షించిన ఎగ్జామినర్ రెండు అడిగాడు. మూడో బొమ్మ తర్వాత పరీక్ష చేసిన యంత్రం ఫొటో ఒకటి కొత్తగా చేర్చమన్నాడు. తర్వాత బొమ్మలన్నిటికీ అసలు ఫైళ్ళు, ఏ దిద్దుబాట్లూ లేకుండా, కొత్త నంబర్ల ప్రకారం పేర్లు పెట్టి పంపమన్నాడు. ముఖ్యంగా తొమ్మిదోది. రేపు పొద్దున కమిటీ కూర్చునేసరికి ఆయన చేతిలో ఉండాలి. లేకపోతే ఆ అధ్యాయం కొట్టేస్తారు. ఆ అధ్యాయం పోతే థీసిస్‌లో మిగిలేది ముందుమాటే.

"మధ్యలో ఒకటి చేరితే నాలుగోది అయిదు కావాలి, అయిదోది ఆరు కావాలి. చివరిదాకా అంతే. ఇరవై ఫైళ్ళకి చేత్తో ఏం మారుస్తాంలే అని కంప్యూటరే చేసుకునేలా నాలుగు లైన్ల స్క్రిప్ట్ రాశాను. నాలుగుతో మొదలెట్టు, ఒక్కొక్కదాని పేరు ఒక అంకె పెంచుకుంటూ పో అని."

"బాగానే ఉందిగా?"

"నాలుగోదానికి అయిదు అని పేరు పెట్టబోయింది. అయిదు అనే ఫైలు అప్పటికే ఉంది కదా? ఆగిపోయింది. ఆ పేరుతో ఫైలు ఉందమ్మా అని ఎర్రక్షరాల్లో చెప్పింది. నాకు చిరాకేసింది. ఏం మొండి గోల ఇది అనుకున్నాను. నోరెత్తకుండా పని చేసే కమాండ్ ఇంకొకటి ఉంది. ఆ మాట తీసేసి ఈ మాట పెట్టాను. ఈసారి కిక్కురుమనలేదు. కళ్ళు మూసి తెరిచేలోపు అయిపోయింది."

"అయిపోతే ఇంకేం?"

ఉడత వంటింటి గుమ్మంవైపు చూపించింది. "మన గట్టు మీద డబ్బాలు వరసగా ఉన్నాయి కదా. నాలుగో డబ్బాలోది అయిదో డబ్బాలో పోశాననుకో. కంప్యూటర్ కలపదు. అయిదో డబ్బాలో ఉన్నది పారబోసి, నాలుగోది పోస్తుంది. తర్వాత అయిదోది తీసి ఆరులో పోస్తుంది. కానీ అయిదులో అప్పటికి ఉన్నది ఏంటి?"

అక్క ఒక్క క్షణం ఆలోచించింది. "నాలుగోదే."

"ఆ నాలుగోదే ఆరులోకి వెళ్ళింది. ఆరు పారబోసింది. ఏడు పారబోసింది. ఎనిమిది, తొమ్మిది... అలా చివరిదాకా నాలుగోదాన్నే మోసుకుంటూ పోయి, దారిలో ఉన్నవన్నీ పారబోసింది. ఫోల్డర్ తెరిచి చూస్తే మొదటి మూడూ ఉన్నాయి, చివర ఇరవై నాలుగు అని ఒకటి ఉంది. మధ్యలో ఖాళీ. ఆ ఇరవై నాలుగూ తెరిస్తే నాలుగో బొమ్మ." ఉడత నవ్వబోయింది. ఆ నవ్వు చూడలేక అక్క మొహం తిప్పుకుంది. "చివర్నుంచి మొదలెట్టి ఉంటే ఏమీ అయ్యేది కాదక్కా. చివరిదాన్ని ముందు జరిపితే దాని చోటు ఖాళీ అవుతుంది. లేదా అన్నిటికీ ఓసారి వేరే పేర్లు పెట్టి, తర్వాత అసలు పేర్లు పెట్టినా సరిపోయేది. మొదటి ఏడాది పిల్లలకి నేనే పాఠం చెప్పాను ఈ సంగతి."

"చెత్తబుట్టలో ఉంటాయేమో చూడు. నా ఫోన్లో ఉంటాయి అలాగ."

"మనం తీసేస్తేనే అందులోకి వెళ్తాయి. ఒకదాని మీద ఒకటి పడితే వెళ్ళవు. పైగా ఇందులో ఉన్నది పాతరకం తిరిగే డిస్కు కాదు. ఫైలు పోగానే ఈ చోటు ఖాళీ అని దానికి కబురు వెళ్తుంది. అది కూడా బుద్ధిగా తుడిచేసుకుంటుంది."

"మిగతా బొమ్మలో?"

"వాటికి ల్యాబ్ డిస్కులో కాపీలున్నాయి. గ్రాఫులైతే మళ్ళీ గీస్తాను. తొమ్మిదోది ఒక్కటే..." ఆగింది. "అది చివర్లో తీసింది. పెన్‌డ్రైవ్‌లోంచి కాపీ చెయ్యకుండా కట్ చేసి ఇందులో పెట్టాను. మైక్రోస్కోప్ దగ్గరున్న కంప్యూటర్లో ప్రతి నెలా పాతవి తుడిచేస్తారు. మళ్ళీ తీద్దామంటే ఆ ముక్కే లేదు. తర్వాతి పరీక్షకి నేనే కోసేశాను."

ఉడత పనిచేసేది అతుకు పెట్టిన ఇనుము మీద. వెల్డింగ్ చేసిన ముక్కని లక్షల సార్లు లాగీ వదిలీ, పగులు ఎక్కడ పుడుతుందో వెతకడం. పగులు అతుకు లోపల మిగిలిపోయిన ఒక చిన్న మలినం దగ్గర పుడుతోందన్నది ఆమె సిద్ధాంతం. ఆ పుట్టుక కంటికి కనిపించే బొమ్మ ఆ ఒక్కటే. ఆరేళ్ళ చదువు ఆ ఒక్క బొమ్మ మీద నిలబడి ఉంది.

ఆ బొమ్మ తీసిన రోజు అక్కకి బాగా గుర్తు. ఎందుకు గుర్తో ఇద్దరికీ తెలుసు. పోయిన వారం గొడవంతా దాని గురించే.

"మీ సారుకి చెప్పావా?" అంది అక్క పొడిగా.

"భయంగా ఉంది."

"చెయ్యి ఫోను. నేనూ ఇక్కడే ఉంటాను."

గైడ్ గారు రెండో రింగుకే ఎత్తారు. ఉడత స్పీకర్ పెట్టింది. ఏం జరిగిందో తడబడుతూ చెప్పుకుపోయింది. తిట్లకి సిద్ధపడి కళ్ళు మూసుకుంది కూడా.

"తొమ్మిదోది పోయిందంటావు," అన్నారాయన. "పూర్తిగానా?"

"పూర్తిగా సార్."

"ఎక్కడా కాపీ లేదా? ఖాయమా?"

"లేదు సార్."

ఆయన గొంతులో కోపం లేదు సరికదా, కుర్చీలో వెనక్కి వాలిన మనిషి నింపాది వినిపించింది.

"సరే, పోతే పోయింది. కంగారుపడకు. థీసిస్‌లో పెట్టిన బొమ్మ ఉంది కదా? దాన్ని బయటికి తియ్యి. పాత సైజుకి పెంచు. మైక్రోస్కోప్ ఇచ్చే రకం టిఫ్ ఫైలుగా సేవ్ చేసి పేరు పెట్టు. అంతే."

"అది ఒరిజినల్ కాదు కదా సార్. కత్తిరించాం. నలుపూ తెలుపూ దిద్దాం. డాక్యుమెంట్ సేవ్ చేసినప్పుడు అది కూడా కుదించేసింది. మైక్రోస్కోప్ కింద వేసే తేదీ, వివరాల పట్టీ కూడా లేదు."

"పట్టీ వేరే బొమ్మలోంచి తెచ్చి అతికించు. తేదీ, అంకెలు మార్చు. అది నీకు చెప్పాలా?"

"సార్..."

"ఆరేళ్ళు పడ్డావమ్మా. నేనూ పడ్డాను. ఎవరో ఒక ఎగ్జామినర్ ముచ్చట కోసం నీళ్ళపాలు చేసుకుంటావా? పంపించి నాకు ఫోన్ చెయ్యి."

పెట్టేశారు.

ముందు కదిలింది అక్కే.

"చేసెయ్యి."

"అక్కా!"

"ఏం అక్కా? ఆయనకంటే నీకెక్కువ తెలుసా? బొమ్మ అబద్ధం కాదుగా. తీశావు, చూశావు. ఆ కాగితం మీద ఉన్నదీ అదేగా. పేరేగా మార్చమన్నారు."

ఉడత ల్యాప్‌టాప్ వైపు తిరిగింది. డాక్యుమెంట్‌లోంచి బొమ్మని బయటికి తీసింది, పెంచింది, సేవ్ చేసింది. తొమ్మిదోది కొత్త లెక్కలో పదోది కదా, ఆ పేరు పెట్టింది. ఫోల్డర్‌లో చూస్తే నిక్షేపంగా ఉంది. ఎవరూ వేలెత్తి చూపలేరు.

తర్వాత ఎందుకో పగులు పుట్టిన చోటుని పెద్దది చేసి చూసింది. అక్క కూడా వంగి చూసింది. ఒరిజినల్‌లో సూదిమొనలా తెలిసే మలినం ఇక్కడ బూడిద రంగు మరక. పగులు అంచులు మెట్లు మెట్లుగా చెదిరిపోయాయి.

"ఇది ఎవరు చూసినా కనిపెడతారు," అంది ఉడత. "కనిపెట్టకపోయినా సరే, నావల్ల కాదు. ఇంతవరకూ నేను పొరపాటు చేసినదాన్ని. ఇది పంపితే దొంగని."

ఫైలు తీసేసింది.

అంతే, అక్కలో వారంగా కుతకుతలాడుతున్నదంతా పొంగింది.

"ఓహో, ఇప్పుడు నీతులా! ఆ బొమ్మ కోసం నన్ను ఆపరేషన్ బల్ల మీద వదిలేసి పోయావే, అప్పుడేమైంది నీ నీతి? గర్భసంచి తీసేస్తున్నారు, చెల్లెలా, ఒక్కసారి నా చెయ్యి పట్టుకోవే అన్నాను. మైక్రోస్కోప్ టైము మళ్ళీ దొరకదన్నావు. స్ట్రెచర్ మీద పడుకోబెట్టి తోసుకెళ్తుంటే నీ మెసేజ్. 'దొరికింది అక్కా' అని! దొరికిందట! నా కడుపు కోస్తుంటే ఈవిడకి పగులు దొరికిందట!"

"అక్కా, నేను..."

"నోర్మూసుకో. సరేలే, చెల్లెలి చదువు, పైకొస్తే నాకూ గొప్పే అని మింగుకున్నాను. ఇప్పుడు ఆ బొమ్మా లేదు, చదువూ లేదంటే నేను పడింది ఏ గంగలో కలపాలే? ఆ దిక్కుమాలిన ఫొటో చూసినప్పుడల్లా..."

ఆగిపోయింది.

ఉడత మెల్లగా తలెత్తింది. "ఫొటో."

"ఏ ఫొటో?"

"ఆ రోజు నీకు పంపింది. మైక్రోస్కోప్ స్క్రీన్‌కి నా ఫోన్‌తో తీసి పంపాను. మొత్తం స్క్రీన్. కింద పట్టీతో సహా!" ఉడత లేచి నిలబడింది. "నా పాత ఫోను చచ్చిపోయింది, అందులోవి రాలేదు. నీ దగ్గరుంది కదా? అక్కా, నీ దగ్గరుంది!"

అక్క కదల్లేదు. చేతిలో ఉన్న కొలతల టేపుని వేలికి చుట్టుకుంటోంది.

"అక్కా?"

"పోయిన వారం తీసేశాను."

ఉడత చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"గొడవైన రోజే. నీ మెసేజులన్నీ తీసేశాను. ఒళ్ళు తెలియని కోపంలో ఉన్నాను." అక్క మంచం అంచున కూర్చుంది. "నువ్వొకటి చెరిపావు, నేనొకటి చెరిపాను. ఒక తల్లి కడుపున పుట్టాం మరి."

ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు, ఏడవలేదు. ఉడత నేల మీద కూర్చుని, అక్క మోకాలికి తల ఆనించింది. అక్క ఆ తలని తోసెయ్యలేదు.

వీధి తలుపు తెరుచుకుంది. మందుల షాపు మూసి వచ్చిన బావ, చెప్పులు విడుస్తూ లోపలికి తొంగి చూశాడు. "ఏంటి, ఇద్దరూ మాట్లాడుకుంటున్నారా? అయితే ఏదో పెద్ద ఉపద్రవమే వచ్చుండాలి."

అక్క రెండు ముక్కల్లో చెప్పింది. ఫొటో సంగతి చెప్పేటప్పుడు భర్త మొహం చూడలేదు.

"నువ్వు నీ ఫోన్లో తీసేస్తే నా ఫోన్లో పోతుందా?" అన్నాడు బావ.

"నీకెక్కడిదీ?"

"ఇంటి వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టింది కదే మరదలు. ఆ రోజు ఆపరేషన్ గది బయట కూర్చుని, ఇదేం ఫొటోరా బాబూ, ఎక్స్‌రే ఏమోనని హడలిపోయాను. నర్సుకి కూడా చూపించాను." జేబులోంచి ఫోన్ తీశాడు. "నీ ఫోను నిండిపోయింది, తీసెయ్యి, తీసెయ్యి అని పొద్దున్న లేస్తే ఒకటే పోరు. తియ్యలేదు. నా బద్ధకం ఎప్పుడు పనికొస్తుందా అని చూస్తున్నాను."

వేలితో పైకి జరుపుతున్నాడు. పెళ్ళిళ్ళు, మందుల చీటీలు, ఎవరివో శుభోదయాలు. ఉడత అతని భుజం మీంచి వంగి చూసింది.

"ఇదేనా?"

అదే. కాస్త ఏటవాలుగా, ఒక మూల ట్యూబులైటు మెరుపుతో. స్క్రీన్ మొత్తం ఉంది. కింద పట్టీలో తేదీ, ఎంత పెద్దది చేశారో ఆ అంకె, అన్నీ చదవడానికి వస్తున్నాయి. గ్రూపులో పంపేటప్పుడు కొంచెం కుదించుకుపోయినా పగులు పుట్టిన చోటు తెలుస్తూనే ఉంది.

"ఒరిజినల్ కాదు," అంది ఉడత. "కానీ అబద్ధం కాదు. జరిగింది జరిగినట్టు రాసి, స్క్రిప్ట్ కూడా జతచేసి, ఇది పంపుతాను. నమ్మితే నమ్ముతారు."

బావ ఫొటోని మరదలి మెయిల్‌కి పంపాడు. ఉడత ల్యాప్‌టాప్‌లో పెద్దది చేసి తెరిచింది. మధ్యలో మలినం. దాన్నుంచి కుడివైపుకి పాకిన పగులు. ఎడమవైపు...

ఉడత చెయ్యి మౌస్ మీద ఆగింది.

ఎడమ అంచు నుంచి సన్నటి గీత ఒకటి తిన్నగా వచ్చి మలినాన్ని తాకుతోంది. పగులు కాదది. పగులు వంకరలు పోతుంది. ఇది స్కేలు పెట్టి గీసినట్టుంది. ముక్కని నునుపు చేసేటప్పుడు రాపిడి కాగితం గీకిన గీత.

"ఏంటే అది?" అంది అక్క.

"థీసిస్‌లో ఈ వైపు లేదు." ఉడత గొంతు ఎక్కడో ఉంది. "ఎడమవైపు అనవసరం, కత్తిరించు, బొమ్మ నిండుగా ఉంటుంది అన్నారు సార్. కత్తిరించాను. ఆ రోజు పగులు దొరికిందన్న సంబరంలో నేను ఆ పక్కకి చూడనే లేదు."

"ఆ గీత ఉంటే ఏమవుతుంది?"

"పగులు మలినం వల్ల పుట్టిందో, ఆ గీత వల్ల పుట్టిందో చెప్పలేం. గీత వల్లయితే..." మిగతా మాట బయటికి రాలేదు. గీత వల్లయితే ఆరేళ్ళ సిద్ధాంతం ముక్కని సరిగ్గా నునుపు చెయ్యకపోవడం దగ్గర తేలిపోతుంది.

పేరు మార్చి పంపితే దొంగతనం. ఇది పంపితే తన గొయ్యి తనే తవ్వుకోవడం. అసలేమీ లేదని రాస్తే? అది కూడా కుదరదు. చూసేసింది కదా.

ఉడత మెయిల్ రాసింది. స్క్రిప్ట్ ఏం చేసిందో, ఎర్రక్షరాల హెచ్చరికని తను ఎలా నోరు మూయించిందో రాసింది. ఫొటో జతచేసింది. చివర్లో ఒక వాక్యం: "ఎడమ అంచున ఉన్న గీతని దయచేసి గమనించండి. నేనిప్పుడే గమనించాను."

పంపే బటన్ మీద వేలు ఆగిపోయింది.

ఇందాక చేసెయ్యమన్న అక్కే వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. ఆపడానికేమో అనుకుంది ఉడత.

"ఆ రోజు నా చెయ్యి పట్టుకోవడానికి నువ్వు లేవు," అంది అక్క. "కానివ్వు."

మెయిల్ వెళ్ళిపోయింది.

అది వెళ్ళిన చప్పుడు ఆగకముందే ఫోన్ మోగింది. గైడ్ గారు. ఉడత అక్క చెయ్యి వదలకుండానే స్పీకర్ నొక్కింది.

"పంపించావా?"

"పంపించాను సార్. మీరు చెప్పింది కాదు. నేను ఆ రోజు ఫోన్‌తో తీసిన ఫొటో ఒకటి దొరికింది. మొత్తం స్క్రీన్ ఉన్నది. అదే పంపాను."

అవతల చాలాసేపు ఏమీ వినపడలేదు. ఫోన్ తెగిందేమోనని బావ వంగి చూశాడు. తెగలేదు. ఆయన ఊపిరి వినిపిస్తూనే ఉంది. గీత సంగతి ఉడత ఇంకా ఆయనకి చెప్పనే లేదు.

"అందులో," అన్నారు గైడ్ గారు, "ఎడమ అంచు కనిపిస్తోందా?"